అడ్వాన్స్ గుర్తుచేసే మెయిల్: డేట్ ఎప్పుడు ఖాయమైనట్టు, పెళ్లి ఆగిపోతే ఎంత తిరిగివ్వాలి?

పెళ్లి ఫొటోగ్రాఫర్ క్లయింటుకు పంపే మెయిళ్లలో అన్నిటికంటే పొట్టిది అడ్వాన్స్ గుర్తుచేసే మెయిల్. తర్వాత గొడవ వస్తే ఇరువైపులా ముందుగా తెరిచి చూపించేదీ అదే. మా వృత్తిలో చాలామంది పంపే మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే సర్. మీ ఈవెంట్ డేట్ దగ్గర పడుతోంది. బుకింగ్ అడ్వాన్స్ ఇంకా అందలేదు. ఈవెంట్‌కు ముందే కట్టగలరు. కట్టకపోతే బుకింగ్ రద్దవుతుంది, క్యాన్సిలేషన్ చార్జీలు వర్తిస్తాయి. అడ్వాన్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు."

చదివితే అంతా సవ్యంగానే అనిపిస్తుంది. కానీ డబ్బు ఏ రోజులోగా కట్టాలో ఇందులో లేదు. బుకింగ్ అయిందా కాలేదా అన్నదీ తేలదు. చివరి వాక్యం ఎంత గట్టిగా ఉన్నా, వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తే నిలబడుతుందన్న భరోసా లేదు. ఫొటోగ్రాఫర్‌కైనా, పెళ్లివారికైనా ఈ చిక్కుముడి ఎక్కడెక్కడ పడుతుందో తెలిస్తే మెయిల్ రాయడమూ చదవడమూ తేలికవుతుంది. ఇది పూర్తిగా ఇక్కడి పద్ధతుల మీద, ఇక్కడి చట్టం మీద ఆధారపడిన విషయం కాబట్టి, మన దగ్గర జరిగే ఒక పెళ్లినే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి.

రాజమండ్రిలో పెళ్లి. అమ్మాయి తరఫువాళ్లు హైదరాబాద్ ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకున్నారు. ఫిబ్రవరి 18న పెళ్లికూతుర్ని చేయడం, సంగీత్. 19న మంగళస్నానాలు, ఆ రాత్రి పెళ్లి. ఫొటో, వీడియో, క్యాండిడ్, డ్రోన్, రెండు ఆల్బమ్‌లు కలిపి ప్యాకేజీ 1,80,000 రూపాయలు. నవంబరులో ఫోన్లో మాట్లాడుకుని, టోకెన్‌గా 5,000 పంపారు. బుకింగ్ అడ్వాన్స్ 30 శాతం, అంటే 54,000. టోకెన్ పోను 49,000 రావాలి. డిసెంబరు వచ్చింది, డబ్బు రాలేదు. ఇప్పుడు ఫొటోగ్రాఫర్ మెయిల్ రాయాలి.

రాయడానికి కూర్చునే ముందు ఆయన తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఈ బుకింగ్ ఇప్పటికే అయిపోయిందా, లేక అడ్వాన్స్ కడితేనే అవుతుందా? రెండూ వేరువేరు పరిస్థితులు. నవంబరులోనే ధర, తేదీలు, పని అన్నీ ఒప్పుకుని టోకెన్ తీసుకుని "ఓకే సర్, డేట్ బ్లాక్ చేశాం" అని వాట్సాప్‌లో పెట్టి ఉంటే ఒప్పందం అప్పుడే కుదిరినట్టు లెక్క. అడ్వాన్స్ ఆలస్యమైనంత మాత్రాన అది దానంతటదే రద్దు కాదు. క్లయింట్ మాట తప్పినట్టు మాత్రమే అవుతుంది. గడువు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే ఒప్పందం ముగించి, నిజంగా జరిగిన నష్టం అడగవచ్చు. అలా కాకుండా "అడ్వాన్స్ మొత్తం అందాకే డేట్ మీ పేరున ఖాయం, అప్పటిదాకా టోకెన్ మీద డేట్ ఆపి ఉంచుతాం" అని మొదటే చెప్పి ఉంటే, ఇంకా బుకింగ్ కాలేదు. గడువు దాటితే ఫొటోగ్రాఫర్ ఆ డేట్ వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చు. అప్పుడు క్యాన్సిలేషన్ చార్జీలన్న మాటే రాదు, ఎందుకంటే రద్దు చేయడానికి బుకింగే లేదు.

పైన చూపించిన మెయిల్ ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలిపేసింది. కట్టకపోతే బుకింగ్ పోతుందంటూనే చార్జీలు కూడా పడతాయంటోంది. క్లయింట్ ఆలస్యం చేస్తే డేట్ వదిలేసుకుని వేరే పెళ్లి ఒప్పుకోవాలనీ ఉంది, అదే సమయంలో వీళ్ల దగ్గర డబ్బు వసూలు చేయాలనీ ఉంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నన్నడిగితే రెండో పద్ధతే మేలు. టోకెన్‌కు డేట్ ఆపడం, అడ్వాన్స్‌కు ఖాయం చేయడం. ఇందులో ఎవరెక్కడున్నారో ఇద్దరికీ స్పష్టంగా తెలుస్తుంది.

దీనితోనే ముడిపడిన ఇంకో సంగతి ఉంది. క్యాన్సిలేషన్ షరతులు మొదటిసారిగా ఈ గుర్తుచేసే మెయిల్లోనే కనిపిస్తే అవి చెల్లుతాయా? నవంబరులోనే ఒప్పందం కుదిరిపోయి ఉంటే, డిసెంబరులో ఒకవైపు నుంచి పంపిన కొత్త షరతులు అవతలివాళ్లు ఒప్పుకుంటేనే చెల్లుతాయి. బదులివ్వకుండా ఊరుకున్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోవడం కుదరదు. అదే ఒప్పందం అడ్వాన్స్‌తోనే పూర్తవుతుందని మొదటి నుంచీ ఉంటే, అడ్వాన్స్‌కు ముందు పంపిన షరతులు ఒప్పందంలో భాగమవుతాయి. చదివి, డబ్బు కట్టారంటే ఒప్పుకున్నట్టు. స్టాంపు పేపరు, సంతకాలు లేకపోయినా ఫరవాలేదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 2000లోని సెక్షన్ 10ఎ చెబుతోంది. మెయిల్, వాట్సాప్ మెసేజ్, డబ్బు వేసిన స్క్రీన్‌షాట్ అన్నీ సాక్ష్యాలే. కాబట్టి షరతుల వరుస కొటేషన్‌తోనే మొదలవ్వాలి. గుర్తుచేసే మెయిల్లో వాటినే మళ్లీ చెప్పాలి, కొత్తవి చేర్చకూడదు.

ఇప్పుడు తేదీ దగ్గరికి వద్దాం. "ఈవెంట్‌కు ముందు" అన్నది మన పెళ్లిళ్లలో తేలిగ్గా తేలే మాట కాదు. శుభలేఖ చూడండి. "19వ తేదీ గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, 1 గంట 42 నిమిషాలకు" అని ఉంటుంది. క్యాలెండరు లెక్కలో ముహూర్తం 20న పడింది. ఇంట్లోవాళ్ల దృష్టిలో పెళ్లి 19న. ఫొటోగ్రాఫర్ పని 18 పొద్దుటే మొదలవుతుంది. "ఈవెంట్ తేదీకి 30 రోజుల ముందు" అని షరతు పెడితే 18 నుంచి లెక్కపెట్టాలా, 20 నుంచా? రెండు రోజుల తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ ఆ రెండు రోజుల మధ్యలో రద్దు చేసినవాళ్లకు అది వేల రూపాయల తేడా. అందుకే రోజుల లెక్క రాయడం కన్నా తేదీలే రాయడం మంచిది. మొదటి ఫంక్షన్ రోజు ఫిబ్రవరి 18ని ఆధారంగా పెట్టుకుంటే, 60 రోజుల ముందంటే డిసెంబరు 20, 30 రోజుల ముందంటే జనవరి 19. ఈ తేదీలు నేరుగా మెయిల్లో ఉంటే ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకోనక్కర్లేదు. డబ్బు పంపేది అమెరికాలో ఉన్న అన్నయ్య అయితే "డిసెంబరు 10 సాయంత్రం 6 గంటలు, మన దేశం టైమ్ ప్రకారం" అని కూడా రాయాలి. అక్కడ ఆ సమయానికి ఇంకా తెల్లవారుతూ ఉంటుంది, ఆయన ఇంకా రోజంతా ఉందనుకుంటాడు.

ఇక అసలు పీటముడి రద్దు షరతుల్లో ఉంది. "అడ్వాన్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వం" అని రాసుకుంటే ఫొటోగ్రాఫర్‌కు ధైర్యంగా ఉంటుంది. చట్టం మాత్రం ఆ వాక్యంతో ఆగదు. భారత ఒప్పందాల చట్టం 1872లోని సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, దొరికేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఇంకో మెట్టు ఎక్కింది. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతనలేని జరిమానా వేసే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందాల కింద చేర్చింది. పెళ్లివారు వినియోగదారులే కాబట్టి ఇది వాళ్లకు వర్తిస్తుంది.

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూపించే పెద్ద తీర్పు ఒకటుంది. కైలాష్ నాథ్ అసోసియేట్స్‌కూ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2015లో ఇచ్చింది. 1982లో వేలంలో ఒక స్థలాన్ని 3.12 కోట్లకు పాడుకుని కంపెనీ 78 లక్షలు బయానా కట్టింది. మిగతా డబ్బు విషయంలో ఏళ్ల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక డీడీఏ ఒప్పందం రద్దుచేసి ఆ 78 లక్షలు తన దగ్గరే ఉంచేసుకుంది. అదే స్థలాన్ని 1994లో 11.78 కోట్లకు అమ్మింది. నష్టమే జరగనప్పుడు, పైగా లాభమే వచ్చినప్పుడు, బయానా జప్తు చేసుకోవడం కుదరదని కోర్టు చెప్పి, డబ్బు వడ్డీతో సహా వెనక్కి ఇప్పించింది. పెళ్లి డేట్ కూడా ఒక రకంగా ఆ స్థలం లాంటిదే. ఒకరు వదిలేసిన డేట్‌ను ఫొటోగ్రాఫర్ మరొకరికి అదే ధరకో, ఎక్కువకో ఇచ్చుకోగలిగితే, మొదటివాళ్ల అడ్వాన్స్ మొత్తం ఉంచుకోవడానికి ఆధారం మిగలదు.

అలాగని ఫొటోగ్రాఫర్‌కు జరిగే నష్టం ఊహించుకున్నదేమీ కాదు. అది ఎంతో కాగితం మీద పెట్టి చూద్దాం. మన రాజమండ్రి పెళ్లి 1,80,000లో ఫ్రీలాన్సర్లకు, డ్రోన్ అబ్బాయికి కలిపి 52,000. ఆల్బమ్‌ల ప్రింటింగ్ 30,000. వీడియో ఎడిటింగ్ 24,000. ప్రయాణం, బస 10,000. ఇవన్నీ కలిపితే 1,16,000. పెళ్లి జరగకపోతే ఈ ఖర్చు పెట్టే పనే ఉండదు కాబట్టి దీన్ని నష్టంలో వేయకూడదు. మిగిలిన 64,000 ఆయన చేతికి రావాల్సింది. డేట్ పూర్తిగా ఖాళీగా పోతే నష్టం అదీ. అందుకే 54,000 అడ్వాన్స్ ఉంచుకోవడం లెక్కకు నిలబడుతుంది. 1,80,000 మొత్తం కట్టమనడం నిలబడదు.

ఇప్పుడు ఒక మలుపు. పెళ్లివారు జనవరి 5న రద్దు చేశారు. సంబంధం తప్పిపోయింది. ఫొటోగ్రాఫర్ తోటివాళ్ల గ్రూపుల్లో "18, 19 ఖాళీ" అని పెట్టాడు. జనవరి 22న 19వ తేదీ ఒక్కరోజుకు 1,10,000తో వేరే పెళ్లి దొరికింది. దానికి ఖర్చు 70,000 పోను 40,000 మిగిలింది. మొదటి పెళ్లి వల్ల పోయిన 64,000లో 40,000 ఇలా పూడింది. అసలు నష్టం 24,000. తన దగ్గరున్న 54,000లో 24,000 ఉంచుకుని 30,000 వెనక్కివ్వడం న్యాయమైన లెక్క. నష్టం తగ్గించుకునే మార్గం చేతిలో ఉంటే దాన్ని వాడుకున్నారా లేదా అని కూడా చూడాలని ఒప్పందాల చట్టంలోని సెక్షన్ 73 వివరణ చెబుతుంది. కాబట్టి "ఖాళీ ఉంది" అని గ్రూపులో పెట్టిన ఆ మెసేజ్ ఫొటోగ్రాఫర్‌కు కూడా రక్షణే. కొత్త బుకింగ్ దొరకకపోతే, తాను ప్రయత్నించానని చూపించడానికి అదే పనికొస్తుంది.

డేట్ మళ్లీ అమ్ముడయ్యే అవకాశం మన దగ్గర ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మిగిలిన నెలల్లోని మంచి రోజుల మీదే అందరూ పడతారు. బలమైన ముహూర్తం రోజు రెండు నెలల ముందు ఖాళీ అయితే ఎవరో ఒకరు వస్తారు. అదే రోజు రెండు వారాల ముందు ఖాళీ అయితే రావడం కష్టం, ఎందుకంటే అప్పటికి పెళ్లివాళ్లందరూ ఎవరినో ఒకరిని మాట్లాడేసుకుని ఉంటారు. పైగా ఆ దశలో ఫ్రీలాన్సర్లకు ఇచ్చిన అడ్వాన్సులు తిరిగి రావు. వాళ్లూ మన పని కోసం వేరేది వదులుకుని ఉంటారు. రద్దు ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ ఉంచుకోవడానికి కారణం ఇదే. ఈ కారణం మెయిల్లో ఒక్క వాక్యంగానైనా రాస్తే క్లయింట్‌కు షరతు దబాయింపులా అనిపించదు.

రద్దు వేరు, వాయిదా వేరు. మన ఇళ్లలో పెళ్లి ఆగడానికి తరచూ ఎదురయ్యే కారణం ఇంట్లో పెద్దవాళ్లెవరో పోవడం. మైల వచ్చిందంటే ముహూర్తం మారిపోతుంది, కొన్ని ఇళ్లలో ఏడాది దాకా ఆగుతారు. చట్టం దృష్టిలో ఇది పని అసాధ్యమైపోవడం కిందకు రావడం కష్టం. ప్రభుత్వమే పెళ్లిళ్లు జరపకూడదని ఆపేసిన సందర్భం వేరు. అప్పుడు ఒప్పందాల చట్టంలోని 56, 65 సెక్షన్ల ప్రకారం తీసుకున్న అడ్వాన్స్ తిరిగివ్వాల్సి రావచ్చు. కానీ చావు వచ్చిన ఇంటితో సెక్షన్ల భాషలో మాట్లాడే ఫొటోగ్రాఫర్ మా ఊళ్లలో ఎక్కువ రోజులు నిలవడు, నిలవకూడదు కూడా. అందుకే వాయిదాకు విడిగా ఒక షరతు ముందే రాసిపెట్టుకోవాలి. కొత్త తేదీకి తాను ఖాళీగా ఉంటే అడ్వాన్స్ మొత్తం అటు మళ్లించడం, ఖాళీ లేకపోతే చేతి నుంచి పోయిన ఖర్చు మాత్రమే తీసుకుని మిగతాది ఇచ్చేయడం. ఎంతకాలం వరకు మళ్లిస్తారో కూడా చెప్పాలి. ఏడాదైతే ఏటి సూతకం ఉన్నవాళ్లకు సరిపోదు, పదిహేను నెలలైతే మరుసటి ముహూర్తాలు కూడా అందులోకి వస్తాయి.

చాలా మెయిళ్లలో కనిపించనిది ఇంకొకటి ఉంది. ఫొటోగ్రాఫరే రాలేకపోతే? జ్వరం రావచ్చు, యాక్సిడెంట్ కావచ్చు. క్లయింట్ తప్పుకుంటే చార్జీలు రాసి, తాను తప్పుకుంటే ఏమవుతుందో రాయకపోతే ఆ షరతుల కాగితం ఒకవైపే ఒరిగి ఉన్నట్టు. తీసుకున్న డబ్బంతా తిరిగివ్వడం, అదే స్థాయి ప్రత్యామ్నాయాన్ని క్లయింట్ ఒప్పుకుంటే పంపడం, ఈ రెండూ అక్కడే ఉండాలి.

ఇవన్నీ మనసులో పెట్టుకుని డిసెంబరు 3న పంపాల్సిన మెయిల్ రాస్తే ఇలా వస్తుంది. కొటేషన్‌లో ఇవే షరతులు ముందే పంపారనుకుందాం.

"విషయం: ఫిబ్రవరి 18, 19 రాజమండ్రి పెళ్లి – బుకింగ్ అడ్వాన్స్ 49,000, డిసెంబరు 10లోగా

నమస్కారం సర్. అమ్మాయి పెళ్లి పనులు బాగా సాగుతున్నాయని అనుకుంటున్నాను. ఫిబ్రవరి 18 ఉదయం నుంచి 19 రాత్రి పెళ్లి (తెల్లవారితే 20, ముహూర్తం 1:42) పూర్తయ్యేదాకా మీ కోసం డేట్లు ఆపి ఉంచాం. మీరు పంపిన టోకెన్ 5,000 నవంబరులో అందింది.

నవంబరులో పంపిన కొటేషన్ ప్రకారం బుకింగ్ అడ్వాన్స్ 54,000. టోకెన్ పోను 49,000 డిసెంబరు 10 బుధవారం సాయంత్రం 6 గంటలలోగా అందాలి. అందగానే డేట్లు ఖాయం చేసి రసీదు పంపుతాను. అప్పటికి అందకపోతే డేట్లు వేరేవారికి ఇవ్వాల్సి వస్తుంది, మీ టోకెన్ తిరిగి పంపేస్తాను, మరే చార్జీ ఉండదు. ఇంకో రెండు మూడు రోజులు కావాలంటే 10వ తేదీలోపే ఒక్క మాట చెప్పండి.

ఖాయమయ్యాక మీరు రద్దు చేసుకోవాల్సి వస్తే: డిసెంబరు 20 వరకు 15,000 ఉంచుకుని మిగతాది వాపసు ఇస్తాం. డిసెంబరు 21 నుంచి జనవరి 19 వరకు 54,000 ఉంచుకుంటాం. జనవరి 20 నుంచి అయితే 54,000తో పాటు టీమ్‌కు ఇచ్చి వెనక్కిరాని అడ్వాన్సులు, టికెట్ల ఖర్చు బిల్లులు చూపించి తీసుకుంటాం. దగ్గర పడ్డాక ఆ రోజులకు వేరే పని దొరకదు కాబట్టి ఈ తేడా. ఎప్పుడు రద్దయినా అవే తేదీలకు మాకు వేరే బుకింగ్ దొరికితే, దాని మీద మిగిలినంత మేర మీకు తగ్గిస్తాం.

తేదీ మారితే, కొత్త తేదీకి మేం ఖాళీగా ఉంటే 15 నెలల లోపు ఏ ముహూర్తానికైనా అడ్వాన్స్ అలాగే మళ్లిస్తాం. ఖాళీ లేకపోతే అప్పటిదాకా అయిన ఖర్చు మాత్రం తీసుకుంటాం. మా వైపు నుంచి రాలేకపోతే కట్టిందంతా వెంటనే తిరిగిస్తాం.

అకౌంట్ వివరాలు కొటేషన్‌లో ఉన్నవే, మారలేదు. మారినట్టు ఏ మెయిల్ వచ్చినా డబ్బు వేసే ముందు నాకు ఫోన్ చేయండి."

ఆ చివరి రెండు వాక్యాలు ఊరికే పెట్టలేదు. మెయిల్ హ్యాక్ చేసి, పాత సంభాషణలోనే దూరి, అకౌంట్ నంబరు మార్చి పంపే మోసాలు వ్యాపారాల్లో ఉన్నాయి. అడ్వాన్స్ అడిగే మెయిల్ వాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

రెండు చిన్న సంగతులు. ఫొటోగ్రాఫర్ జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడైతే సేవలకు అడ్వాన్స్ అందినప్పుడే పన్ను లెక్కలోకి వస్తుంది. 18 శాతం ఈ 54,000లోనే ఉందా, పైన వేయాలా అన్నది కొటేషన్‌లోనే తేలిపోవాలి. లోపలే ఉందంటే అందులో పన్ను సుమారు 8,237. రద్దయి డబ్బు తిరిగిస్తే రిఫండ్ వోచర్ ఇవ్వాలి. ఇంకొకటి, మన పెద్దవాళ్లు చాలామంది మెయిల్ తెరవరు. మెయిల్ పంపాక బుక్ చేసిన మనిషికి వాట్సాప్‌లో "మెయిల్ పంపాను సర్, గడువు 10వ తేదీ" అని పెట్టి, రెండు టిక్కులు నీలం అయ్యాయో లేదో చూసుకోవాలి.

పదో తేదీ దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే మరుసటి ఉదయం ఒక ఫోన్ చేయాలి. ఎత్తితే ఏమంటారో విని, ఇచ్చిన మాటను అదే మెయిల్‌కు కింద రాసి పంపాలి. ఎత్తకపోతే సాయంత్రం ఇంకో మెయిల్: "49,000 అందలేదు కాబట్టి ఫిబ్రవరి 18, 19 డేట్లు వదిలేస్తున్నాం, టోకెన్ 5,000 ఈ రోజు మీ అకౌంట్‌కు పంపాను, స్క్రీన్‌షాట్ జత చేశాను." ఈ మెయిల్ వెళ్లాకే వేరే పెళ్లివారి దగ్గర టోకెన్ తీసుకోవాలి. ముందే తీసుకుంటే, మొదటివాళ్లు అర్ధరాత్రి డబ్బు వేసేసి ఉంటే ఒకే ముహూర్తానికి ఇద్దరు క్లయింట్లు అవుతారు.